అద్దం మీద కిరణం తగిలే బిందువు: గమ్యానికి ప్రతిబింబం తీసుకునే పద్ధతి

ప్రశ్న: x + 2y − 5 = 0 రేఖ వెంట అద్దం ఉంది. A(6, 1) నుంచి వచ్చే కిరణం దానికి తగిలి B(6, 7)కు చేరాలి. కోణాలు సమానం చేసి చేస్తే లెక్క చేంతాడంత అవుతోంది. B ప్రతిబింబం తీసుకుంటే చాలని మా సార్ అంటున్నారు. ఎందుకు చాలుతుంది?

జవాబు: గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు సరళరేఖల పాఠం చెప్పే నేను ఈ లెక్కకు ముందు బొమ్మ గీయిస్తాను. అద్దానికి అవతల B ప్రతిబింబం B′ అనుకోండి. AB′ రేఖ అద్దాన్ని ఖండించే చోటు P అయితే, PB, PB′ రెండూ అద్దంతో ఒకే కోణం చేస్తాయి, ఎందుకంటే అద్దపు రేఖ BB′కు లంబ సమద్విఖండన రేఖ. AP, PB′ ఒకే సరళరేఖలో ఉన్నందున, PB′ చేసే కోణానికి AP చేసేది శీర్షాభిముఖ కోణం. కాబట్టి AP, PB అద్దంతో సమాన కోణాలు చేస్తాయి. పరావర్తన నియమం కోరేది అదే.

ఇక లెక్క. B విలువలను రేఖా సమీకరణంలో ప్రతిక్షేపిస్తే 6 + 14 − 5 = 15 వస్తుంది. గుణకాల వర్గాల మొత్తం 5 కనుక ప్రతిబింబ సూత్రంలోని నిష్పత్తి −2 × 15/5 = −6 అవుతుంది, దాంతో B′ = (6 − 6, 7 − 12) = (0, −5). A, B′ల గుండా పోయే రేఖ y = x − 5, అది అద్దాన్ని P(5, 0) వద్ద ఖండిస్తుంది. పరావర్తన కిరణం PB సమీకరణం 7x − y − 35 = 0.

పిల్లలు ఎక్కువగా జారేది ఆ 2 దగ్గరే. దాన్ని వదిలేస్తే వచ్చే (3, 1) ప్రతిబింబం కాదు, లంబపాదం. అందుకే B, B′ల మధ్యబిందువు అద్దం మీద పడిందో లేదో తప్పక చూడమంటాను; ఇక్కడ అది (3, 1), 3 + 2 − 5 = 0, సరిపోయింది. చివరి జవాబును వాలులతో సరిచూడవచ్చు: అద్దం వాలు −1/2, AP వాలు 1, PB వాలు 7, అద్దంతో రెండు కిరణాలు చేసే లఘుకోణాల టాంజెంటు 3 గానే వస్తుంది.

నమ్మకం కుదరకపోతే గ్రాఫ్ కాగితం మీద A, B దగ్గర గుండుసూదులు గుచ్చి, చిన్న అద్దాన్ని రేఖ మీద నిలువుగా పెట్టి, A సూది వెనక నుంచి చూడండి. B సూది ప్రతిబింబం A సూదితో ఒకే వరుసలో కనిపించే చూపు (5, 0) దగ్గర అద్దాన్ని తాకుతుంది. మామూలు అద్దానికి కళాయి వెనకవైపు ఉంటుంది కాబట్టి రేఖ మీద ఉండాల్సింది ఆ వెనక అంచే. గాజు మందం వల్ల కాస్త తేడా మాత్రం మిగులుతుంది.

ఈ పద్ధతికి A, B రెండూ అద్దానికి ఒకే పక్కన ఉండాలి. రేఖా సమీకరణంలో A విలువ 3, B విలువ 15, రెండూ ధనాత్మకమే కనుక ఇక్కడ ఇబ్బంది లేదు. అయితే అద్దం (1, 2) నుంచి (4, 1/2) వరకే ఉందని ప్రశ్నలో ఇచ్చి ఉంటే P దాని మీద పడదు. అప్పుడు A నుంచి Bకి పరావర్తన మార్గమే లేదని రాయాలి.