స్ట్రెంగ్త్ కార్డులో సింహం ఎవరు?

ప్రేమ గురించి అయిదు టారో కార్డులు పరిచి వేసిన స్ప్రెడ్‌లో సలహా స్థానంలో స్ట్రెంగ్త్ వచ్చింది. నేను గట్టిగా ఉండి ఆయనను నా మాట వినేలా చేసుకోవాలనా దీని అర్థం?

మీలాగే నాలుగేళ్ల క్రితం నాకూ అదే స్థానంలో అదే కార్డు వచ్చింది. సింహం మా ఆయన, లొంగదీసేది నేను అనుకుని సంబరపడ్డాను కూడా.

రైడర్-వైట్ డెక్‌లో ఆ బొమ్మను నిదానంగా చూడండి. ఆమె చేతిలో కొరడా లేదు. నడుముకు పూలదండ ఉంది. సింహం మీదికి వంగి, వట్టి చేతులతో దాని నోరు మూస్తోంది. చిక్కంతా కార్డు పేరుతోనే వస్తుంది. పాత ఇటాలియన్ పేరు ఫోర్తెజ్జా, అంటే కష్టం ముందు చలించకుండా నిలబడే గుణం. కండబలం కాదు.

నా స్ప్రెడ్‌లో ‘నేను’ అన్న చోట నైట్ ఆఫ్ స్వోర్డ్స్ ఉంది, కత్తి ఎత్తి గుర్రాన్ని దౌడు తీయించేవాడు. ‘ఆయన’ అన్న చోట ఫోర్ ఆఫ్ కప్స్, చేతులు కట్టుకుని చెట్టు కింద కూర్చున్నవాడు. మిగిలిన రెండు కార్డుల సంగతి వదిలేయండి, ఈ రెండిట్లోనే మా కాపురం కనిపించింది. గొడవ కాగానే ఆయన మౌనంలోకి వెళ్లేవారు. జవాబు వచ్చేదాకా నేను ఫోన్ మీద ఫోన్ చేసేదాన్ని. విసిగిపోయి ‘సరే, నాదే తప్పు’ అనేవారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే గొడవ. దౌడు తీసేది నేనైతే, సింహం కూడా నాదే కదా!

తరువాతి గొడవలో ఒక్క మాటే అన్నాను: ‘భయం వేసి అరిచాను. మీరు మాట్లాడగలిగినప్పుడు చెప్పండి.’ ఫోను వంటింట్లో పెట్టేశాను. ఆ రెండు రోజులు ఎలా గడిచాయో అడగకండి. మూడో రోజు ఆయనే వచ్చి, చెల్లెలి పెళ్లికి నాకు చెప్పకుండా చేసిన అప్పు గురించి చెప్పారు. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని ఆయన చెప్పేది చివరిదాకా విన్నాను. అయితే మింగేసి ఊరుకోలేదు. మర్నాడు ఉదయం, దాచడం తప్పని, ఇకపై అప్పు చేసేముందు నాకు తెలియాలని సూటిగా చెప్పాను.

ఒక తేడా మాత్రం గమనించండి. బొమ్మలో ఆమె నిలబడే ఉంది, సింహం కాళ్ల కింద పడి లేదు. ఆయన మౌనం మిమ్మల్ని శిక్షించడానికే అయినా, ఆయన చెయ్యి చేసుకుంటున్నా, ఓర్చుకోమని ఈ కార్డు చెబుతోందని చదవకండి. అక్కడ ధైర్యం అంటే బయటికి వచ్చి మీవాళ్లకు చెప్పడం.

మీ స్ప్రెడ్‌లో ‘నేను’ అన్న చోట ఏ కార్డు వచ్చిందో రాస్తారా? మీ సింహం ఏదో దాన్నిబట్టి చూడవచ్చు.