ఉపవాసమా, ఫాస్టింగా, పరగడుపా?

సందేహం: రక్తపరీక్ష చేసేచోట గోడమీది ఇంగ్లీషు నోటీసును మా అమ్మాయి ఫోటో తీసి పంపింది. నేను తెలుగు చేశాను: ‘పరీక్షకు 8 గంటల ముందు ఉపవాసము పాటించవలెను. నీరు మినహా ఏ పదార్థమును స్వీకరింపరాదు. వైద్యుని సూచన లేనిదే నిత్య ఔషధములను నిలుపరాదు. పూర్వపు రిపోర్టులను తీసుకురాగలరు. నిబంధనలు పాటింపనియెడల పరీక్ష నిర్వహింపబడదు.’ మా నాన్నగారు బాగుందన్నారు. అమ్మాయి మాత్రం ‘ఇదేం తెలుగు?’ అంటోంది. పెద్దలకు గ్రాంథికం, పిల్లలకు వాడుకభాష అని రెండు రకాలుగా రాయాలా?

సమాధానం: మీ నాన్నగారు బాగుందన్నది భాషను. విషయం ఆయనకు ఎలా అందిందో తెలియాలంటే ఇంకో ప్రశ్న వేసి చూడండి: ‘పొద్దున పాలు తాగి వెళ్లొచ్చా?’ నేనూ ఒకసారి ఇలాంటి కాగితానికి ‘ఉపవాసం’ అనే రాసి మా పెద్దమ్మకు ఇచ్చాను. ఆవిడ గ్లాసెడు పాలు తాగి, ఒక అరటిపండు తిని బయల్దేరింది. తప్పు ఆవిడది కాదు. ఉపవాసం రోజున అన్నం మానినా పాలూ పండూ పుచ్చుకోవడం ఆవిడ ఎరిగినదే. నేను రాసిన మాటకు ఆవిడ తనకు తెలిసిన అర్థమే చెప్పుకుంది.

ఇక్కడ వాడవలసిన మాట మనకు ఉండనే ఉంది: పరగడుపు. ‘పరగడుపున వేసుకోవాలి’ అని మందుల విషయంలో పెద్దలు అంటూనే ఉంటారు. ఇది గ్రాంథికం కాదు, ఇంట్లో మాట. కానీ ఈ తరం పిల్లల్లో చాలామంది నోట వినపడటం లేదు. వాళ్లకు ‘ఫాస్టింగ్’ అంటే చాలు, లేదా ‘ఖాళీ కడుపుతో’ అనండి. అంటే పెద్దలకూ పిల్లలకూ తేడా వచ్చేది ఇలాంటి నామవాచకాల దగ్గర. క్రియ దగ్గర తేడా అక్కర్లేదు. అది ఇద్దరికీ మాట్లాడే తెలుగులోనే ఉండాలి.

ఎందుకో మీ వాక్యాల్లోనే చూద్దాం. ‘స్వీకరింపరాదు’లోని ‘రాదు’ నిషేధం. ఆ సంగతి పాత పుస్తకాలు చదివినవారికి తెలుసు. ‘ఈత రాదు’, ‘బస్సు రాదు’ అని మాత్రమే విన్న పిల్లలు ఆగి ఆలోచిస్తారు. ‘తీసుకురాగలరు’ పరిస్థితి ఇంకా చిత్రం. నోటీసుల్లో దాన్ని మర్యాద అనుకుని వాడుతున్నారు గాని, ‘గలరు’ చెప్పేది శక్తిని. ‘ఆయన నాలుగు మైళ్లు నడవగలరు’ అన్నట్టే, మీ వాక్యం రిపోర్టులు తెచ్చే సత్తా వారికి ఉందంటోంది. ‘తెచ్చుకోండి’లో కావలసిన మర్యాద అంతా ఉంది. ఇక ‘నిర్వహింపబడదు’. ఇంగ్లీషులో కర్త లేకుండా చెప్పేందుకు ఆ నిర్మాణం అవసరమై ఉండవచ్చు. తెలుగులో ‘పరీక్ష చెయ్యరు’ అంటే చాలు. ఎవరు చెయ్యరో చెప్పకుండానే తెలిసిపోతుంది. గిడుగు రామమూర్తిగారు పోయింది 1940లో. వాడుకభాషలోనే రాయాలన్న ఆయన వాదం కథల్లో, పత్రికల్లో గెలిచింది గాని, నోటీసుబోర్డు దాకా ఇంకా పూర్తిగా చేరినట్టు లేదు.

అయితే వాడుకభాష రాసినంత మాత్రాన గండం గడవదు. మీ మొదటి వాక్యంలో అసలు చిక్కు భాషాశైలిది కాదు. ‘పరీక్షకు 8 గంటల ముందు’ అంటే ఆ క్షణాన ఒక పని చేయమన్నట్టు ఉంది. ఆ 8 గంటలూ ఏమీ తినకూడదన్నది అందులో లేదు. దాన్నే ‘8 గంటలకు ముందు’ అని రాశామా, పొద్దున ఎనిమిది కొట్టకముందు అని అర్థం. ఒక్క ‘కు’ చేర్చితే వ్యవధి కాస్తా గడియారంలో వేళ అయిపోయింది. ‘పరీక్షకు ముందు 8 గంటలపాటు’ అంటే పేచీ లేదు. పరీక్ష వేళ మీకు తెలిస్తే ఇంకా తేలిక. ఉదయం 7 గంటలకైతే ‘రాత్రి 11 తర్వాత ఏమీ తినకండి’ అని పెద్దాయనకు నోటితో చెప్పండి. నోటీసులో లేని వేళను అనువాదంలో మాత్రం రాయకండి. ఆ కాగితం రేపు ఇంకొకరి చేతికి వెళ్తే వాళ్ల పరీక్ష పదింటికి కావచ్చు.

మందుల వాక్యం అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఇంగ్లీషులో ‘అన్‌లెస్’తో వచ్చే వాక్యాన్ని మనం ‘లేనిదే... రాదు’ అనో, ‘చెప్పకపోతే... ఆపొద్దు’ అనో రెండు వ్యతిరేకాలతో కడతాం. మొదటిది గ్రాంథికం, రెండోది వాడుక, రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే. కానీ చదివి వినిపిస్తుంటే ఒక వ్యతిరేకం చెవి దాటిపోతుంది. రెండు చిన్న వాక్యాలుగా విడగొట్టండి: ‘రోజూ వేసుకునే మందులు మానకండి. డాక్టరు మానమంటేనే మానండి.’ ఆ ‘-తేనే’లోని ఏకారం ఇంగ్లీషులోని షరతునంతా మోస్తుంది. ‘వేసుకునే’ అన్నదీ కావాలనే రాశాను. ‘మందులు తీసుకున్నారా?’ అంటే దుకాణంలో కొన్నారా అనే అర్థం కూడా వస్తుంది.

ఫోటో గురించి రెండు మాటలు. ఇంగ్లీషులో నిషేధమంతా ‘నాట్’ అనే మూడక్షరాల్లో ఉంటుంది. అది పంక్తి చివర పడి, ఫోటో అంచున తెగిపోతే వాక్యం తలకిందులై కూడా సాఫీగానే చదవబడుతుంది. మెరుపు పడిన 8 అయితే 6లా, 3లా కనిపిస్తుంది. ప్రతి పంక్తి చివరా కాగితం అంచు కనబడుతోందో లేదో చూడండి. లేకపోతే ఊహించి పూరించకుండా మళ్లీ ఫోటో అడగండి. పైన శీర్షికలో ‘ఫలానా పరీక్షలకు మాత్రమే’ అని ఉండి, అది ఫోటోలో పడకపోవడం కూడా కద్దు.

మీ నోటీసును నేనైతే మీ నాన్నగారికి ఇలా రాస్తాను:

‘రక్తపరీక్షకు పరగడుపున రండి. పరీక్షకు ముందు 8 గంటలపాటు మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకండి. పాలు, కాఫీ, టీ కూడా వద్దు. రోజూ వేసుకునే మందులు మానకండి. డాక్టరు మానమంటేనే మానండి. పాత రిపోర్టులు తెచ్చుకోండి. ఇలా రాకపోతే పరీక్ష చెయ్యరు.’

పాలు, కాఫీ, టీ మూలంలో లేవు, నేను చేర్చాను. ‘నీళ్లు తప్ప ఏమీ’ అన్నదాంట్లో అవి ఉన్నట్టే గనుక ఇది కొత్త నిబంధన కాదు. మా పెద్దమ్మ అనుభవం తర్వాత ఆ మాట రాయకుండా ఉండలేను. అమ్మాయికి ఇదే కాగితం సరిపోతుంది. ‘పరగడుపున’ బదులు ‘ఫాస్టింగ్‌లో’, ‘పుచ్చుకోకండి’ బదులు ‘తినకూడదు, తాగకూడదు’ అని మార్చండి. పాలు, కాఫీల వాక్యం ఆమెకు అక్కర్లేదు.

ఇంకొకటి. మీ నాన్నగారి కాగితంలో ‘పరగడుపున’ పక్కనే ‘అక్కడ దీన్నే ఫాస్టింగ్ అంటారు’ అని రాసిపెట్టండి. రక్తం తీసే అమ్మాయి ఆయన్ని ‘ఫాస్టింగేనా తాతగారూ?’ అనే అడుగుతుంది.