గోదావరి స్నానం: నమ్మకం, విధానం

నదిలో మునిగితే పాపాలు పోతాయని ఎందుకంటారు? అక్కడ ఏమేం చేస్తారు?

గోదావరినే తీసుకుందాం. పొలంలో మేస్తున్న ఆవును గౌతమ మహర్షి దర్భతో అదిలిస్తే అది చనిపోయిందట. ఆ గోహత్యా దోషం పోవడానికి ఆయన శివుడి కోసం తపస్సు చేసి గంగను రప్పించాడని పురాణ కథ. అందుకే గోదావరికి గౌతమి అని పేరు. పాపం కడగడానికే నేలకు దిగిన నది కాబట్టి మన పాపాన్నీ కడుగుతుందని నమ్మకం.

మామూలు స్నానానికీ దీనికీ అసలు తేడా సంకల్పంలో ఉంది. ఏ కాలంలో, ఏ తీరాన, ఏ గోత్రంలో పుట్టిన ఫలానా నేను ఎందుకు మునుగుతున్నానో చెప్పుకుంటారు. ముందు నదికి దణ్ణం పెట్టి, నీళ్లు తలపై చల్లుకుని అప్పుడు దిగుతారు. మూడు మునకలు వేస్తారు. వేదం చదివినవాళ్లు అఘమర్షణ సూక్తం చెబుతారు. రానివాళ్లకు 'గంగేచ యమునే చైవ' శ్లోకం చాలు. తర్వాత దోసిలితో సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. పెద్దలకు తర్పణం వదిలేవాళ్లు జంధ్యం కుడి భుజం మీదికి మార్చి, నువ్వులు కలిపిన నీళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడుస్తారు. పుష్కరాల్లో పిండప్రదానం కూడా చేస్తారు.

సబ్బు, బట్టలుతకడం నిషేధం. పుష్కరాలు 12 రోజులు. మొదటి రోజే, ఒకే ఘాట్‌లో మునగాలన్న టెన్షన్ అక్కర్లేదు. 2015లో రాజమహేంద్రవరంలో ఆ తొలిరోజు తొక్కిసలాటలోనే ఎన్నో ప్రాణాలు పోయాయి.