కొత్త బెనిఫిషియరీకి 6 లక్షలు ఎప్పుడు వెళ్తాయి?

ప్రశ్న: శనివారం మా స్థలం రిజిస్ట్రేషన్. అమ్మేవారికి 6 లక్షలు ఆన్‌లైన్‌లో పంపాలి. నెట్ బ్యాంకింగ్ ఎప్పుడూ వాడలేదు. వాళ్ల ఖాతాను బెనిఫిషియరీగా యాడ్ చేసిన వెంటనే అంతా పంపొచ్చా?

జవాబు: వెంటనే వెళ్లదండీ. అందుకే గురువారం సాయంత్రానికల్లా యాడ్ చేసేయండి.

చాలా బ్యాంకుల్లో కొత్త పేరు యాక్టివేట్ కావడానికి అరగంట నుంచి కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత కూడా మొదటి 24 గంటలు ఆ ఖాతాకు కొంత మొత్తమే పంపనిస్తారు. కొన్ని బ్యాంకుల్లో అది 50 వేలు. మీ బ్యాంకులో ఎంతో యాడ్ చేసే పేజీలోనే రాసి ఉంటుంది, చదవండి. ఈ గడువు మీ రక్షణ కోసమే. మీ పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడి వాళ్లు తమ ఖాతాను యాడ్ చేసుకుంటే, మీకు వచ్చే ఎస్ఎంఎస్ చూసి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసే వ్యవధి మీకు దొరుకుతుంది.

ఇక వివరాలు. అమ్మేవారిని క్యాన్సిల్ చేసిన చెక్కు ఫోటో అడగండి, వాట్సాప్‌లో టైప్ చేసిన నంబరు వద్దు. బ్యాంకు బ్రాంచిని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు, అందులో ఐదోది ఎప్పుడూ సున్నా. చాలామంది అక్కడ ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టి ఆగిపోతారు. అంతకన్నా ముఖ్యం ఖాతా నంబరు. డబ్బు జమ అయ్యేది నంబరును బట్టే, పేరును బట్టి కాదు. ఒక్క అంకె తప్పి అది ఇంకొకరి ఖాతా అయితే డబ్బు అక్కడికే పోతుంది, తిరిగి రావాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతులకు ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం ఉండాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. తెరమీద వచ్చిన పేరును చెక్కుమీది పేరుతో పోల్చి చూశాకే ‘Confirm’ నొక్కండి.

గురువారం ఏడింటికి యాడ్ చేశారనుకుందాం. యాక్టివేట్ కాగానే వంద రూపాయలు పంపి, అందిందో లేదో అమ్మేవారికి ఫోన్ చేసి కనుక్కోండి. అదే కూర్చున్న పళంగా మీ సొంత రోజువారీ లిమిట్ కూడా చూడండి. అది 2 లక్షలే ఉంటే, బెనిఫిషియరీ గడువు తీరినా 6 లక్షలు కదలవు. దాన్ని 6 లక్షల పైకి పెంచండి. కొన్నిచోట్ల ఈ పెంపు అమలు కావడానికీ ఒక రోజు పడుతుంది. రెండు గడువులూ ఒకేసారి మొదలైతే శుక్రవారం రాత్రికి రెండూ తీరిపోతాయి. యాడ్ చేసిన పేరును మధ్యలో తీసేసి మళ్లీ పెట్టకండి, గడువు మొదటికొస్తుంది.

పంపేటప్పుడు ఆర్‌టీజీఎస్ ఎంచుకోండి. ఐఎంపీఎస్ అనే ఇంకో పద్ధతిలో ఒకసారికి 5 లక్షలే. ఆర్‌టీజీఎస్ 2 లక్షల నుంచి మొదలు. 2020 డిసెంబరు నుంచి రాత్రీపగలూ, సెలవుల్లోనూ నడుస్తోంది, మామూలుగా అరగంటలో జమవుతుంది. ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు రాసి పెట్టుకోండి, దస్తావేజులో చెల్లింపు వివరాల దగ్గర అది కావాలి.