"ఇది", "దీన్ని" అంటే సెర్చ్‌కు ఏం తెలుస్తుంది?

మాది ఉదయగిరి. చెక్క స్పూన్ల తయారీ మీద ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడుతున్నాను. తెలిసినవాళ్లు చూస్తున్నారు గానీ, సెర్చ్ చేసేవాళ్లకు కనిపించడం లేదు. వీడియోలో అంతా చూపిస్తున్నాను కదా, ఇంకేం చేయాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

మీరు పంపిన రీల్ రెండుసార్లు విన్నానమ్మా. "ఇదిగో చూడండి, దీన్ని ఇలా చెక్కి, నున్నగా రుద్దుతాం" అన్నారు. స్పూన్ అన్న మాట ఒక్కసారీ రాలేదు, ఊరి పేరూ లేదు. వస్తువు చేతిలో ఉంటే దాని పేరు పలకకపోవడం మనందరికీ అలవాటే. కింద క్యాప్షన్‌లో మాత్రం రెండు దండాల బొమ్మలు, "సపోర్ట్ చేయండి" అన్న మాట ఉన్నాయి.

ముందు ఆ క్యాప్షన్ మార్చండి. వెతికే మాటలను ఇన్‌స్టాగ్రామ్ ప్రధానంగా పోల్చి చూసేది టైప్ చేసిన అక్షరాలతోనే: క్యాప్షన్, ప్రొఫైల్ పేరు, బయో, హ్యాష్‌ట్యాగ్‌లు, లొకేషన్. మొదటి వాక్యం "ఉదయగిరి చెక్క స్పూన్లు ఎలా తయారుచేస్తారు?" అని ఉండాలి. దాని కిందే Udayagiri wooden spoons, chekka garitelu అని కూడా రాయండి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది తెలుగు మాటనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. పాత రీల్స్ తీసేయనక్కర్లేదు. మూడు చుక్కలు నొక్కి Edit లోకి వెళితే క్యాప్షన్ మార్చుకోవచ్చు.

కొత్త రీల్‌లో మొదటి మాటే "ఉదయగిరి చెక్క స్పూన్ ఇలా తయారవుతుంది" అని పలకండి. పేరు దగ్గర కాస్త నిదానించండి. మీ రీల్‌లో పాట హోరుకు సగం మాటలు నాకే వినపడలేదు, ఇక మాటలను గుర్తుపట్టే మెషీన్‌కేం వినపడతాయి? ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, ఆ రీల్‌ను పక్కనే వేరే ఫోన్‌లో ప్లే చేయండి. "చెక్క స్పూన్" బదులు "చక్క పోను" అని పడితే పాట తగ్గించి మళ్లీ పలకాలి. ఇన్‌స్టాగ్రామ్ వాడేది ఇదే మెషీన్ కాదు గానీ, మాట తేటగా ఉందో లేదో తెలిసిపోతుంది.

వీడియోలో కలిసిపోయిన తెర మీది అక్షరాలు మెషీన్‌కు బొమ్మలో భాగమే. వాటిని చదివించాలంటే వంకీల ఫాంట్లు వద్దు. ముదురు పట్టీ మీద తెల్లటి అక్షరాలతో "ఉదయగిరి చెక్క స్పూన్లు" అని మూడు నాలుగు సెకన్లు ఉంచండి. అడుగున పెడితే మీ ఖాతా పేరు, కుడి అంచున పెడితే లైక్ బటన్ కప్పేస్తాయి, అందుకే నడిమికి కాస్త పైన పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో చూడండి. ఒత్తులు, గుణింతాలు తప్పుగా వస్తే సైజు పెంచాలి.

ఇంత చేసినా ఉత్త wooden spoon అని వెతికితే మీ రీల్ పైకి రావడం కష్టం, ఆ మాట మీద దేశదేశాల వీడియోలు ఉన్నాయి. ఊరి పేరు కలిపి వెతికేవాళ్ల దగ్గరే మీకు అవకాశం. వారం ఆగి, మిమ్మల్ని ఫాలో కాని బంధువుల ఫోన్‌లో Udayagiri wooden spoons అని కొట్టి చూడండి. మీ ఫోన్‌లో చూస్తే మీ రీల్ మీకే ముందు కనిపించి మోసపోతారు.