తిరిగొచ్చి ఏడాదైందని రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో, దాని కింద పెట్టాలనుకుంటున్న కాప్షన్ రెండూ చూశాను. పత్రికలో ఇరవై ఏళ్లకు పైగా ఫోటోల కింద వ్యాఖ్యలు రాసినవాణ్ని కనుక, మొహమాటం లేకుండా చెప్పమన్నావు కనుక చెబుతున్నాను. ఫోటో చాలా బాగుంది. వసారాలో ఖాళీ కుర్చీ, ఎడమ చేతి వైపు రంగు పోయి నున్నబడిన చెక్క, వెనక సగం తెరిచిన తలుపు. దాని కింద నువ్వు రాసింది మాత్రం ఇది:

“పదకొండేళ్ల తర్వాత మన ఊరికి తిరిగి వెళ్లి నేటికి సరిగ్గా ఏడాది. ఈ ఏడాదిలో ఎన్నో కోల్పోయాను, కానీ అంతకు మించి పొందాను. ఈ కుర్చీలో నాన్నగారు కూర్చునేవారు. మూలాలే మనిషికి బలం.”

మొదట “తిరిగి వెళ్లి” సంగతి చూద్దాం. మాట్లాడేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుగు క్రియ దాచనివ్వదు. “వెళ్లాను” అన్నావంటే నీ మనసు ఇంకా ఆ నగరంలోనే ఉండి, అక్కడి స్నేహితులకు కబురు చెబుతోందన్నమాట. “వచ్చాను” అన్నప్పుడే నువ్వు ఇక్కడ నిలబడినట్టు. ఏడాది క్రితం సామాను సర్దుకుంటూ ఫోన్లో “వెళ్లిపోతున్నాను పెదనాన్నా” అన్నది నిజమే, అప్పటికి అది సరైన మాటే. ఇప్పుడు ఆ క్రియను మార్చకపోతే, కాప్షన్ చెప్పదలచుకున్నదానికి మొదటి వాక్యమే అడ్డొస్తుంది.

“మన ఊరు” అన్నదీ అలాంటిదే. నీ పోస్టు చదివేవాళ్లలో సగం మంది ఇక్కడివాళ్లు, సగం మంది అక్కడివాళ్లు. “మన” అంటే అక్కడివాళ్లకు వర్తించదు, “మా” అంటే ఇక్కడివాళ్లకు వాళ్లను పక్కన పెట్టి బయటివాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందువల్ల రెండూ తీసేసి ఉత్త “ఊరు” అను. “ఊరికి తిరిగొచ్చాను” అన్నవాణ్ని ఏ ఊరని ఎవరూ అడగరు.

ఇక అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. కోల్పోయినవి ఒక తట్టలో, పొందినవి ఇంకో తట్టలో వేసి, మధ్యలో “కానీ” అనే ముల్లు నిలబెట్టి, రెండో తట్టే బరువని తేల్చావు. నువ్వు నిజంగా అలా తూచుకున్నావా? నిరుడు నువ్వు వచ్చేనాటికి మీ నాన్న పోయి నాలుగు నెలలు. ఆ లోటు మీద ఏదీ వచ్చి కూర్చోదు, అలాగని ఊరు నిన్ను తనలో కలుపుకోవడం ఆ లోటు వల్ల ఆగనూ లేదు. రెండూ ఒకే కుర్చీలో ఉన్నాయి కనుకనే నీ ఫోటో బాగుంది. “కోల్పోవడం”, “పొందడం” అనే మాటలు తీసేసి, రెండింటినీ మోసే ఒక్క సంగతి చెప్పు.

ఆ సంగతి నీ దగ్గర ఉంది, కాప్షన్లో రాయకుండా నాతో ఫోన్లో చెప్పావు. వచ్చిన కొత్తలో వీధిలో ఎవరు కనిపించినా “ఎప్పుడొచ్చావు, ఎప్పుడు వెళ్తున్నావు?” అని అడిగేవాళ్లనీ, ఆ ప్రశ్న ఎప్పుడు ఆగిందో నువ్వు గమనించనే లేదనీ అన్నావు. మొన్న సాయంత్రం నువ్వు ఆ కుర్చీలో కూర్చోబోతుంటే, రోజూ నడకకు వెళ్లే పెద్దాయన ఆగకుండానే “ఇవాళ ఆలస్యమైందే” అని వెళ్లిపోయాడట. ఆ రెండు మాటలకు నువ్వు లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చావట. ఆయన అదే మాట మీ నాన్నతో ఎన్నిసార్లు అన్నాడో నాకు తెలుసు, నేనూ పక్కన కూర్చునేవాణ్ని.

ఫోటోలో కనిపించేదాన్ని కాప్షన్లో మళ్లీ చెప్పకూడదని మా డెస్కులో మొదటి రోజే నేర్పేవారు. నీ ఫోటోలో కుర్చీ కనిపిస్తుంది, ఆ పెద్దాయన గొంతు వినిపించదు. రాయవలసింది దాన్నే.

మూడో వాక్యంలో “కూర్చునేవారు” అన్నది నువ్వు తెలియకుండానే వేసిన మంచి అడుగు. తెలుగులో ఈ “కూర్చునే-”, “అడిగే-” రూపం రోజూ జరిగినదాన్నీ, ఇప్పుడు జరగనిదాన్నీ ఒకేసారి చెబుతుంది. కనుక “దూరమయ్యారు”, “లేని లోటు” వంటివి వేరే అక్కర్లేదు. కానీ “నాన్నగారు”, “వారు” ఎక్కడి నుంచి వచ్చాయి? పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి “నాన్నా, రా” అని పిలిచిన పిల్లవు. పోయాక బహువచనంలోకి మార్చేసరికి అది సన్మాన పత్రంలా తయారైంది.

చివరి వాక్యం కొట్టెయ్యి. ఎవరి ఫోటో కిందైనా అతికే వాక్యం నీ ఫోటో కింద ఉండనక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో కాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటు ఉన్నా, వేలితో జరుపుకుంటూ పోయేవాళ్లకు మొదటి ఒకటి రెండు పంక్తులే కనిపిస్తాయి. నువ్వు ఆ చోటంతా లెక్కకు ఇచ్చేశావు: పదకొండేళ్లు, నేటికి, సరిగ్గా, ఏడాది. తేదీని పోస్టే చూపిస్తుంది. లెక్కను చివరికి పంపితే, అప్పటికి చదివేవాడికి ఆ ఏడాదిలో ఏం జరిగిందో తెలిసి ఉంటుంది. “సరిగ్గా” తీసేసి “ఏడాదైంది” అంటే చాలు. “గడిచింది” అంటే ఎలాగోలా నెట్టుకొచ్చినట్టు, “పూర్తి చేసుకున్నాను” అంటే ఉద్యోగంలో ప్రొబేషన్ ముగిసినట్టు ఉంటుంది.

ఇలా రాసి చూడు:

“ఈ కుర్చీలో నాన్న కూర్చునేవాడు. నేను వచ్చిన కొత్తలో వీధిలో అందరూ ‘ఎప్పుడు వెళ్తున్నావు?’ అని అడిగేవారు. మొన్న నేను ఇందులో కూర్చోబోతుంటే, అటుగా వెళ్తున్న పెద్దాయన ఒకరు ‘ఇవాళ ఆలస్యమైందే’ అన్నారు. ఊరికి తిరిగొచ్చి ఏడాదైంది.”

ఇందులో ఆ నగరం లేదని నువ్వు అడుగుతావు. అక్కడ వదిలి వచ్చిన గది, మనుషులు కూడా పోగొట్టుకున్నవే, కాదనను. కానీ నాలుగు వాక్యాల్లో రెండు దుఃఖాలు పెడితే ఒకటి రెండోదానికి ఉపోద్ఘాతం అయిపోతుంది. దాన్ని ఆ గది ఫోటోతో ఇంకో రోజు రాయి. ఈ పోస్టులో వాళ్లను నొప్పించే మాట లేకుండా చూసుకుంటే సరిపోతుంది. నేను రిటైరై తిరిగొచ్చిన ఏడాదికి గొప్పగా “సొంత గూటికి చేరాను” అని పెడితే, ముప్పై ఏళ్లు పక్కింట్లో ఉన్న స్నేహితుడు ఫోన్ చేసి, “అయితే మాతో ఉన్నది అద్దె గూడా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ చేయలేదు.

ఆ పెద్దాయన పేరు రాయకు, ట్యాగ్ చేయకు. ఆయన యథాలాపంగా అన్న మాట అది. నువ్వు పేరు పెట్టి చూపిస్తే, రేపటి నుంచి ఆయన ఆ కుర్చీ ముందు మామూలుగా నడవలేడు.

పెట్టే ముందు ఒకసారి అమ్మకు చదివి వినిపించు. ఆ కుర్చీ నీకంటే ముందు ఆవిడకు తెలుసు. “కూర్చునేవాడు” అన్న చోట ఆవిడ ముఖం చిట్లిస్తే వాదించకు, “ఇది నాన్న కుర్చీ” అని మార్చెయ్యి. నువ్వనుకున్న జరిగిపోయిన కాలం కాస్త పోతుంది గాని, మిగతా మూడు వాక్యాలు దాన్ని మోయగలవు.

ఆశీస్సులతో,
పెదనాన్న