ఫిట్స్‌తో వచ్చిన పాపని తూచలేకపోతే వయసు లెక్కా, టేపు లెక్కా?

ప్రశ్న: కొత్తగా పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఫిట్స్‌తో వచ్చే పిల్లల్ని తూచడం కుదరదు. వయసు ఫార్ములా చాలంటారు కొందరు, పొడవు కొలిచి బరువు చార్టు చూడమంటారు ఇంకొందరు. మీరేం చేస్తారు?

జవాబు: నేను పొడవుని బట్టి బరువు చూపే రంగుల టేపే వాడతాను. అలా ఎందుకు మారానో చెబుతాను.

2022 జులై వరదప్పుడు కోనసీమలో లంక గ్రామాల పక్కన ఉన్న ఒక సెంటర్లో డ్యూటీలో ఉన్నాను. పడవలో ఒక పాపని తెచ్చారు. జ్వరం, ఆగని ఫిట్స్. ఎన్నేళ్లమ్మా అంటే తల్లి "నాలుగో ఏడండి" అంది. నేను నాలుగు వేసుకున్నాను. వయసుని రెండుతో హెచ్చవేసి ఎనిమిది కలిపితే 16 కిలోలు. ముక్కులో కొట్టే మిడజోలమ్ కిలోకి 0.2 మి.గ్రా. చొప్పున 3.2 మి.గ్రా. మా దగ్గరున్న స్ప్రే ఒక్కో పఫ్‌కి అర మి.గ్రా. రెండు ముక్కుల్లో కలిపి ఆరు పఫ్‌లు కొట్టాం. ఆగలేదు. డాక్టర్‌గారికి ఫోన్ చేసి 16 కిలోలనే చెప్పాను, పది నిమిషాలకి మళ్ళీ ఆరు. ఫిట్స్ ఆగాయి గానీ ఊపిరి కూడా మందగించింది. బ్యాగ్ పట్టుకుని కాసేపు నొక్కాల్సి వచ్చింది. ఫిట్స్ తర్వాతి మత్తు కూడా కొంత కారణమై ఉండొచ్చు, అంతా మందు మీదే తోసేయను.

మర్నాడు తూస్తే 11.4 కిలోలు. అంటే రెండు డోసులూ కలిపి ఇవ్వాల్సింది సుమారు 4.6 మి.గ్రా. అయితే మేమిచ్చింది ఆరు.

ఇందులో తప్పులు రెండు. నాలుగో ఏడు నడుస్తోందంటే నిండినవి మూడే. మనవైపు అందరూ అలాగే చెబుతారు, అడిగేటప్పుడే "నిండినవి ఎన్ని?" అనాలి. కానీ మూడు వేసినా ఫార్ములా 14 చెప్పేది, అసలు బరువు కంటే రెండున్నర కిలోలు ఎక్కువే. ఒకే వయసు పిల్లల్లో బక్కపలచని వాళ్ళూ ఉంటారు, బొద్దుగా ఉండేవాళ్ళూ ఉంటారు. వయసుకి ఆ సంగతి తెలియదు. పొడవుకి కొంతైనా తెలుస్తుంది.

ఆ పాప పొడవు 92 సెం.మీ. రంగుల టేపు మీద అది పసుపు పట్టీలో పడుతుంది: 84.5 నుంచి 97.5 సెం.మీ. వరకు, 12 నుంచి 14 కిలోలు. టేపు కూడా ఎక్కువే చెప్పింది, కానీ 16 అంత కాదు. ఈ టేపు అమెరికా పిల్లల కొలతలతో తయారైంది. మన దేశంలో పోల్చి చూసినప్పుడు 10 కిలోలు దాటిన పిల్లల్లో పది శాతానికి పైగా ఎక్కువ చూపించింది. అందుకే పక్కటెముకలు కనిపించే పిల్లలైతే మేం పట్టీలోని కింది అంకె తీసుకుంటాం. ఈ పాపకైతే 12 కిలోలు, 2.4 మి.గ్రా., ఐదు పఫ్‌లు. మరీ తగ్గించి వేసినా ఇబ్బందే, ఫిట్స్ ఆగవు.

ఆ పట్టీ పక్కనే డోసు, పఫ్‌ల లెక్క ముందే రాసుంటే హెచ్చవేతలుండవు. అర్ధరాత్రి టెన్షన్‌లో నాకు రెండో ఎక్కమే తడబడుతుంది. స్ప్రే బ్రాండు మారితే మాత్రం పఫ్‌కి ఎంతో సీసా మీద చూసి చార్టు దిద్దుకోవాలి, డాక్టర్‌గారి చేత ఒకసారి చూపించుకోవాలి.

కొలవడంలోనూ ఒక చిక్కుంది. నడినెత్తి నుంచి మడమ దాకానే కొలవాలి, వేళ్ళ కొసల దాకా కాదు. ఒకరు మోకాళ్ళు నొక్కి కాళ్ళు చాపిపట్టాలి, పాదం నిటారుగా ఉంచాలి. పాదం చాచి ఉంటే ఆ 92 కాస్తా 98 అయి, తర్వాతి తెల్ల పట్టీలోకి దూకుతుంది. అక్కడ 15 నుంచి 18 కిలోలు, అంటే తిరిగి నా పాత తప్పే.

టేపు తీసే ముందు తల్లిని ఒక్క మాట అడగండి: "అంగన్‌వాడీలో మొన్న తూచారా?" కార్డులో పోయిన నెల బరువుంటే మిగతావన్నీ పక్కన పెట్టి అదే వాడతాను. వరదప్పుడు కార్డు ఇంట్లోనే ఉండిపోతుంది, అయినా చాలామంది తల్లులకి అంకె నోటికొచ్చు. ఆ రోజు నేను ఈ మాట అడగనేలేదు. తర్వాత ఆవిడే చెప్పింది, పదకొండు దాటిందని.

రంగుల టేపు లేకపోతే టైలర్ టేపు చాలు. మేం దాని మీద పట్టీల హద్దుల దగ్గర గోళ్ళ రంగుతో గీతలు పెట్టుకున్నాం: 74, 84.5, 97.5, 110, ఇంకా పైకి. 150 సెం.మీ. టేపు ఆ కొలతలకి సరిగ్గా సరిపోతుంది. ఎమర్జెన్సీ ట్రే పక్కన మేకుకి వేలాడుతుంటుంది. నెలకోసారి గీతలు మళ్ళీ దిద్దాలి, స్పిరిట్ తగిలితే చెరిగిపోతాయి.